చిన్నోడి చేతిలో కెమెరా... ముహూర్తం వేళ బాధ్యత ఎవరిది?

పెళ్లి కుదిరిన ఇంట్లో ఖర్చుల లెక్క మొదలైతే, ఫొటోల పద్దు దగ్గర ఒక మాట తప్పకుండా వస్తుంది. స్టూడియో వాళ్లు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారని పెళ్లికూతురి తండ్రి చెబుతాడు. 'అంతెందుకు అన్నయ్యా, మన చిన్నోడు బెంగళూరులో లక్షన్నర పెట్టి కెమెరా కొన్నాడు కదా, వాడే తీస్తాడు' అంటాడు తమ్ముడు. చిన్నోడు కూడా సరదాగానే ఒప్పుకుంటాడు. పెళ్లయిన నెల తర్వాత ఎవరూ బయటికి అనరు గానీ, జీలకర్ర బెల్లం ఫొటోలో పెళ్లికొడుకు ముఖం ఊదారంగులో ఉందనీ, మూడుముళ్లు వేసేటప్పుడు తీసిన ఫొటోల్లో ఎవరి వీపో అడ్డం వచ్చిందనీ తెలుస్తుంది. అప్పటి నుంచి రెండు కుటుంబాల మధ్య ఆ ఆల్బం ఊసు రాకుండా జాగ్రత్తపడాల్సి వస్తుంది.

ఇది డబ్బు విషయంగా మొదలై కెమెరా విషయంగా మారే వాదన. 'మంచి కెమెరా ఉంది' అనే మాటతో అది ముగుస్తుంది కూడా. నిజానికి పెళ్లి రాత్రి తేడా చూపేది కెమెరా ధర కాదు. మళ్లీ జరగని కొన్ని నిమిషాలకు ఎవరు కట్టుబడి ఉన్నారు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు అన్నదే తేడా చూపుతుంది.

ఆ ఫొటోల అవసరం ఆల్బంతో ఆగడం లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఒక కేసులో స్పష్టత ఇచ్చింది. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెప్పే పెళ్లి తంతు జరగకుండా, కేవలం రిజిస్ట్రేషన్ పత్రం ఉన్నంత మాత్రాన పెళ్లి అయినట్టు కాదని తేల్చింది. అంటే వివాదం వస్తే తంతు జరిగిందని చూపాలి. అందుకు పురోహితుడు, పెళ్లి చూసినవాళ్ల సాక్ష్యమే ముఖ్యం. ఫొటో ఒక్కటే పెళ్లిని రుజువు చేయదు గానీ, ఆ సాక్ష్యానికి బలమిస్తుంది. భార్యనో భర్తనో విదేశానికి తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు వీసా ఇంటర్వ్యూకి పెళ్లి ఫొటోలు వెంట పెట్టుకోవడం కూడా మామూలే. ఇలాంటి చోట్ల పనికొచ్చేది అలంకరణ ఫొటో కాదు. సుముహూర్తం, మంగళసూత్రధారణ, సప్తపది, పక్కన ఉన్న పెద్దల ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటో కావాలి.

తెర తీసిన ఆ క్షణం

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాత్రి 1 గంట 42 నిమిషాలకు సుముహూర్తం. ఊరి చివర ఫంక్షన్ హాలు, బయట లాన్‌లో పూల మండపం. డెకరేషన్ వాళ్లు నాలుగు మూలల నుంచి ఊదా, గులాబీ రంగుల ఎల్ఈడీ లైట్లు వేశారు. చిన్నోడి దగ్గర 24 మెగాపిక్సెల్ కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్స్, ఒక బ్యాటరీ, 64 జీబీ కార్డు ఉన్నాయి.

వధూవరుల మధ్య తెర పట్టి ఉంటుంది. పురోహితుడు గడియారం చూసి చెప్పగానే ఇద్దరూ ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, తెర దిగుతుంది, బాజాలు మోగుతాయి, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. కావలసిన చూపు, కావలసిన చేతులు కొన్ని సెకన్లే దొరుకుతాయి.

ఇక్కడ మొదటి ఇబ్బంది వెలుతురు. అలాంటి లెన్స్‌ను దగ్గరికి లాగితే (జూమ్ చేస్తే) దాని ద్వారం ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. పెళ్లిళ్లు తీసేవాళ్లు వాడే ఎఫ్ 2.8 లెన్స్ దానికి నాలుగు రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. ఆ లోటు పూడ్చాలంటే కెమెరాకు రెండే దారులు. షట్టర్‌ను నెమ్మదించాలి, లేదంటే ఐఎస్ఓ పెంచాలి. సెకనులో 30వ వంతుకు నెమ్మదిస్తే కదిలే చేతులు చెదిరిపోతాయి. ఐఎస్ఓను 12,800 దాకా తీసుకెళితే ముఖాల మీద ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. కెమెరాను ఆటోలో వదిలేస్తే ఈ రెండింట్లో ఏదో ఒకటి అదే ఎంచుకుంటుంది. వెనక ఉన్న చిన్న తెర మీద ఫొటో బాగానే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో పెద్దది చేసినప్పుడు గానీ తప్పు బయటపడదు.

రెండో ఇబ్బంది ఆ రంగు లైట్లే. మామూలు పసుపు బల్బు వెలుతురును తర్వాత సరిచేయవచ్చు. ముఖం మీద పడింది ఊదారంగు ఒక్కటే అయితే, చర్మం అసలు రంగు ఫైలులో నమోదే కాదు, కాబట్టి తర్వాత తెప్పించడానికీ ఉండదు. పైగా చవక ఎల్ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి. కంటికి అది తెలియదు. చప్పుడు రాకూడదని సైలెంట్ మోడ్‌లో, అదీ వేగమైన షట్టర్‌తో తీస్తే ఫొటోకు అడ్డంగా నల్లటి పట్టీలు వస్తాయి. రాత్రి పెళ్లిళ్లు తీసి అలవాటైనవాడు ముందే డెకరేషన్ మేస్త్రీతో మాట్లాడి, ముహూర్తం వేళ మండపం ముందు తెల్ల లైటు ఒకటి వేయించుకుంటాడు. అలా అడగాలన్న సంగతి చిన్నోడికి తట్టదు.

పోనీ ఫ్లాష్ వాడితే? కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ వెలుగు రెండు మూడు మీటర్లు దాటితే బలహీనమైపోతుంది. విడిగా కొన్న ఫ్లాష్ అయినా, పూర్తి శక్తితో ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధం కావడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. తెర దించుతున్నప్పుడు మొదటి ఫొటో తీస్తే, కళ్లు కలిసిన రెండో ఫొటో చీకటిగా వస్తుంది. హాలులోనైతే ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టి మెత్తటి వెలుతురు తెప్పించవచ్చు. లాన్‌లో పైకప్పే లేదు.

మూడోది నిలబడే చోటు. జీలకర్ర బెల్లం ఫొటో ఇద్దరి ముఖాలూ పక్కల నుంచి కనిపించే చోట దొరుకుతుంది. మంగళసూత్రం ముళ్లు పెళ్లికూతురి మెడ వెనక పడతాయి. వరుడు వంగి వేసే ఆ చేతులు కావాలంటే ఆమె వెనక, కాస్త పక్కగా ఉండాలి. ఆ సమయానికి అక్షింతలు వేయడానికి బంధువులంతా లేచి ముందుకొస్తారు, చేతుల్లో ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. అప్పుడు మండపం చుట్టూ తిరిగి రావడం ఎవరివల్లా కాదు. అందుకే ఆ అరగంటకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ముందు, ఒకరు వెనక, ముహూర్తానికి పది నిమిషాల ముందే తమ చోట్లలో ఉండాలి. ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా ఒక్కడు రెండు చోట్ల నిలబడలేడు.

చుట్టానికి ఇంకో పని ఉంటుంది

చుట్టాన్ని ఫొటోలకు పెట్టినప్పుడు మరిచిపోయే విషయం ఒకటుంది. అతడు పెళ్లికి వచ్చిన మనిషి. మేనమామ అయితే పెళ్లికూతురిని బుట్టలో తీసుకురావాలి. సొంత తమ్ముడైతే లాజహోమంలో అక్క దోసిట్లో పేలాలు పోయాలి. బాబాయి కొడుకైతే మగపెళ్లివారి బస్సు దగ్గరికి పరుగెత్తాలి, భోజనాల దగ్గర ఎవరో అలిగితే సర్దిచెప్పాలి. 'కెమెరా పట్టుకున్నాను, రాను' అనడం చుట్టానికి కుదరదు. పెద్దాయన పిలిచి 'ఒరేయ్, మా అందరిదీ ఒక ఫొటో తియ్యరా' అంటే, అవతల కన్యాదానం జరుగుతున్నా కాదనలేడు. చివరికి ఆల్బంలో అతడు ఒక్క ఫొటోలో కూడా ఉండడు. నలభై ఏళ్ల తర్వాత ఆ ఆల్బం చూసే పిల్లలకు ఆ బాబాయి పెళ్లికి రానట్టే లెక్క.

అయితే ఇదే చుట్టరికం కొన్నిచోట్ల లాభం. పసుపు దంచే రోజు, పెళ్లికూతురిని చేసే రోజు, మెహందీ రోజు ఇంట్లో పగటి వెలుతురు ఉంటుంది, ఎవరికీ తొందర ఉండదు. కొత్తవాడు కెమెరా ఎత్తితే అమ్మమ్మ చీర కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. మనవడు ఎత్తితే నవ్వుతూనే ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ పిన్ని ఎన్నాళ్లకు వచ్చిందో అతడికి తెలుసు. ఆ ఫొటోలు ఏ స్టూడియో తీసినా అలా రావు. అన్నవరం కొండ మీద పగటిపూట, ముప్పై నలభై మందితో జరిగే పెళ్లికి కూడా, ఫొటోలకు అనుమతి ఉన్నచోట, ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి ఉన్న చుట్టం సరిపోవచ్చు. వెలుతురు ఉంది, తోపులాట లేదు, తిరగడానికి చోటుంది.

కార్డులో ఉన్నది ఇంటికి చేరాలి

తీసిన ఫొటో పోవడం తీయలేకపోవడం కన్నా బాధ. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 'రా' ఫైలు ఒక్కొక్కటి సుమారు 28 ఎంబీ ఉంటుంది. ఆ లెక్కన 64 జీబీ కార్డులో పట్టేవి రెండు వేల రెండు వందల చిల్లర. ఎదుర్కోలు నుంచే హుషారుగా తీయడం మొదలుపెడితే అర్ధరాత్రికి కార్డు నిండుతుంది. అప్పుడు చీకట్లో నిలబడి 'బాగాలేనివి' తుడిచేయడం మొదలవుతుంది. ఫొటోలు పోయేది ఎక్కువగా ఇలాంటప్పుడే. తొందరలో ఒక ఫొటోకు బదులు మొత్తం తుడిచే బటన్ నొక్కేస్తారు. అలా జరిగితే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టాలి. పైన కొత్తవి రాయనంత వరకు పాతవి తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది.

ఈ పనితోనే బతికేవాళ్లు సాధారణంగా రెండు కార్డులు పట్టే కెమెరా వాడతారు. ప్రతి ఫొటో ఒకేసారి రెండింటిలోనూ పడుతుంది. ఒక కార్డు చెడిపోయినా రెండోది ఉంటుంది. రెండు కెమెరాలు, నాలుగైదు బ్యాటరీలు ఉంటాయి. ఇవన్నీ కొంటే చుట్టం దగ్గరా ఉంటాయి గానీ, సరదాకి కొన్నవాడు రెండో కెమెరా ఎందుకు కొంటాడు?

పంపే తీరులోనూ నష్టం ఉంది. చుట్టం ఫొటోలన్నీ వాట్సాప్‌లో పంపేస్తాడు, అందరూ సంతోషిస్తారు. మామూలు పద్ధతిలో పంపితే ఆ ఫొటో పొడవు వైపున సుమారు 1,600 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. కరిజ్మా ఆల్బంలో 12 అంగుళాల ఎత్తుకు బాగా అచ్చు కావాలంటే 3,600 పిక్సెళ్లు కావాలి. ఈలోగా అతడు ల్యాప్‌టాప్ మార్చేస్తే అసలు ఫైళ్లూ పోతాయి. కోర్టు అవసరం వచ్చినా కష్టమే. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ ఫైలును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువను అందులో చూపాలి. వాట్సాప్ చేతులు మారిన కాపీ కన్నా, తేదీ, సమయంతో సహా కెమెరా నుంచి నేరుగా తీసిన ఫైలు దగ్గరుంటే ఆ పని తేలిక.

స్టూడియో అయినా గ్యారంటీ లేదు

ఇంత చెప్పాక డబ్బు కట్టేస్తే నిశ్చింత అనుకోవడానికీ లేదు. మూఢాలు, శూన్యమాసం, ఆషాఢం తీసేస్తే పెళ్లిళ్లన్నీ కొద్ది రోజుల్లోకి వచ్చిపడతాయి. 2024లో మౌఢ్యం వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలు దాదాపు లేవు. అదే ఏడాది నవంబర్-డిసెంబర్ సీజన్‌లో దేశంలో 48 లక్షల పెళ్లిళ్లు జరుగుతాయని వర్తకుల సమాఖ్య సీఏఐటీ అంచనా వేసింది. శుభ దినాలు 18 మాత్రమే అని కూడా చెప్పింది. ఒకే రాత్రి నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్న స్టూడియో ఏం చేస్తుంది? రోజు కూలికి బయటి కుర్రాళ్లను పిలుస్తుంది. మాట్లాడేటప్పుడు ఆల్బం చూపించిన మనిషి వేరు, మండపానికి వచ్చిన మనిషి వేరు. ఆ వచ్చినవాడు చిన్నోడి కన్నా ఎక్కువ పెళ్లిళ్లు తీసి ఉంటాడన్న నమ్మకం లేదు.

అందుకే స్టూడియోను ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో మెరిసే ముప్పై ఫొటోలు చూసి తృప్తిపడకూడదు. రాత్రి ముహూర్తం ఉన్న ఒక పెళ్లి మొత్తం ఫొటోలు, మొదటి నుంచి చివరి దాకా చూపించమనాలి. జీలకర్ర బెల్లం, మూడుముళ్లు, తలంబ్రాలు వరుసగా ఉన్నాయా, మధ్యలో ఏదైనా ఘట్టం మాయమైందా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

డబ్బు తీసుకున్నవాడికీ తీసుకోనివాడికీ చట్టం దగ్గర తేడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసిన పనిని సేవ కింద లెక్కించదు. చుట్టం తీసిన ఫొటోలు పోతే ఫిర్యాదుకు ఆధారం లేదు. ఎవరూ చేయరు కూడా. స్టూడియో విషయంలో రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. అక్కడ పరిహారం దొరుకుతుందే గానీ ముహూర్తం తిరిగిరాదు. ఆ బాధ్యత మెడ మీద ఉందని తెలిసినవాడు మాత్రం రెండో కార్డు పెట్టుకుని వస్తాడు.

ఫొటోల హక్కుల్లోనూ ఇలాంటి తేడాయే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవారిదే, వేరే ఒప్పందం లేకపోతే. డబ్బు ఇవ్వకపోతే ఆ హక్కు తీసినవాడిది. అంటే చిన్నోడు తీసిన ఫొటోలు చట్టం దృష్టిలో చిన్నోడివి. స్టూడియో తీసినవి కుటుంబానివి. అందుకే కొన్ని స్టూడియోలు రసీదు వెనక చిన్న అక్షరాల్లో, ప్రచారానికి వాడుకునే హక్కు తమదేనని రాసుకుంటాయి. సంతకానికి ముందు ఆ వెనక పేజీ చదవాలి.

పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది

లక్షా ఇరవై వేలు ఒక్క ముహూర్తానికి కాదు. ప్యాకేజీ విప్పి చూస్తే అందులో ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోన్, ఎల్ఈడీ తెరలు, రీల్స్, రెండు ఆల్బంలు ఉంటాయి. ఏది ఎంతో విడివిడిగా రాసివ్వమని అడిగితే అసలు బేరం అక్కడ మొదలవుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకునే కుటుంబం ముహూర్తం రాత్రికి ఇద్దరు మనుషులను, ఎనిమిది గంటలకు, స్టూడియో నుంచి తీసుకుని, ముందు రోజుల పనులన్నీ చిన్నోడికి అప్పగించవచ్చు. ముహూర్తం రాత్రి అతడికి ఒకే మాట చెప్పాలి: ఫ్లాష్ వెలిగించకు, వాళ్ల ముందుకు రాకు. ఒకరి ఫ్లాష్ వెలుగు ఇంకొకరి ఫొటోను పాడుచేస్తుంది.

స్టూడియోతో ఒప్పందం ఒక్క కాగితం చాలు. మండపానికి వచ్చే మనిషి ఎవరు, ఎందరు, ఎన్ని గంటలు, అసలు ఫైళ్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు, వాటిని తమ దగ్గర ఎన్నాళ్లు ఉంచుతారు, ప్రచారానికి వాడుకోవచ్చా లేదా అన్నవి అందులో ఉండాలి. డబ్బును కూడా దానికి కట్టాలి. లక్షా ఇరవై వేలైతే అడ్వాన్సు 30 వేలు, పెళ్లి రోజు 50 వేలు, ఫైళ్లు చేతికిచ్చాక 20 వేలు, ఆల్బం ఇచ్చాక మిగిలిన 20 వేలు. పెళ్లి రోజే మొత్తం కట్టేస్తే తర్వాత తిరగాల్సింది కుటుంబమే.

అంతా చూసుకున్నాక కూడా చిన్నోడే తీయాలనుకుంటే, పెళ్లికి వారం ముందు అదే హాలులో, అదే లైట్ల కింద ఒక రాత్రి యాభై ఫొటోలు తీయించి చూడాలి. ఇద్దరిని కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతులు కదపమని, చుట్టూ నలుగురిని నిలబెట్టాలి. ఆ ఫొటోలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి కళ్ల దగ్గర స్పష్టంగా ఉన్నాయో లేదో చూస్తే సమాధానం అక్కడే దొరుకుతుంది. బాగుంటే అతడికి రెండో కార్డు, ఇంకో బ్యాటరీ కొనిపెట్టి, ఆ రాత్రికి ఇంకే పనీ చెప్పకుండా వదిలేయాలి. బాగా రాకపోతే ఆ సంగతి చిన్నోడికే ముందు అర్థమవుతుంది, ఎవరూ నొచ్చుకోకుండా స్టూడియోకు ఫోన్ చేయడానికి ఇంకా వారం ఉంటుంది.